ధర తగ్గితే తేడా తిరిగి వస్తుందా?

ప్రశ్న: ఆదివారం ఆన్‌లైన్‌లో 32,990 రూపాయల ఫ్రిజ్ ఆర్డర్ చేశాను. క్రెడిట్ కార్డు డిస్కౌంట్ 1,500 పోను 31,490 అయింది. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు 199. బుధవారానికి అదే ఫ్రిజ్ 30,990 చూపిస్తోంది. ఇంకా డెలివరీ కాలేదు. తేడా అడగవచ్చా, రద్దు చేసి మళ్ళీ కొనమంటారా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తేడా ఇమ్మని కస్టమర్ కేర్‌ను అడగడంలో తప్పు లేదు కానీ, కొన్న తరువాత ధర తగ్గితే ఆ మేరకు డబ్బు వాపసు ఇవ్వాలని మన వినియోగదారుల చట్టం ఎక్కడా చెప్పదు. కంపెనీ తనంతట తాను అలాంటి హామీ ఇచ్చి ఉంటే తప్ప, దాని మీద ఆశ పెట్టుకోకండి. మీకు నిజంగా అందుబాటులో ఉన్న దారి రద్దు చేయడమే, అదీ సరుకు గోదాము దాటకముందే. ఇంటికి చేరాక పెద్ద ఉపకరణాలకు సాధారణంగా లోపం ఉంటే మార్చి ఇవ్వడమే తప్ప, ధర తగ్గిందన్న కారణంతో వెనక్కి తీసుకోరు.

అయితే మీరు పోల్చవలసింది తెరమీద కనిపించే రెండు ధరలను కాదు, చివరికి చెల్లించే మొత్తాలను. కార్డు డిస్కౌంట్‌ను చాలా ఆఫర్లలో ఒక కార్డుకు ఒక్కసారే ఇస్తారు, మొదటి ఆర్డర్ రద్దు చేసినా ఆ అవకాశం తిరిగి రాకపోవచ్చు. అప్పుడు మీకు మిగిలేది 2,000 కాదు, 500 మాత్రమే. ప్రాసెసింగ్ ఫీజును, దానిపై 18 శాతం జీఎస్టీని కలిపితే దాదాపు 235 రూపాయలు. ఇప్పటికే కట్టినది ఎలాగూ బ్యాంకులు సాధారణంగా తిరిగి ఇవ్వవు, కొత్త ఈఎంఐకి మళ్ళీ అంతే పడుతుంది. ఇక నికరంగా మిగిలేది 265. డిస్కౌంట్ రెండోసారి కూడా వర్తిస్తే మాత్రం మిగులు 1,765 అవుతుంది కనుక, అప్పుడు రద్దు చేయడమే మేలు.

ఏది వర్తిస్తుందో ఊహించనక్కరలేదు. ఫ్రిజ్‌ను కార్టులో వేసి, అదే కార్డును, అదే ఈఎంఐని ఎంచుకుని, డబ్బు కట్టే ముందు వచ్చే పేజీలో చివరి మొత్తాన్ని, అమ్మకందారు పేరును, డెలివరీ తేదీని చూడండి. లాభం కనబడితే, కార్డు లిమిట్ సరిపోయేటట్లయితే, ముందు కొత్త ఆర్డర్ ఖాయం చేసుకుని ఆ తరువాతే పాతదాన్ని రద్దు చేయండి, ఎందుకంటే ఆ ధరకు స్టాకు అయిపోతే రెండూ చేజారతాయి.

రద్దు చేశాక బ్యాంకుకు ఫోన్ చేసి పాత ఈఎంఐని మూసివేయమని తప్పకుండా అడగండి. రిఫండ్ కార్డులో జమ అయినా, వాయిదా తనంతట తాను ఆగకుండా తరువాతి స్టేట్‌మెంట్‌లో కనిపించడం నేను తరచుగా చూసే ఇబ్బంది. రద్దు ధృవీకరణ మెసేజ్‌ను దాచుకుని, రిఫండ్ రాకపోతే మొదట కంపెనీకి, పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

డిస్కౌంట్ మళ్ళీ రాకపోతే, 265 రూపాయల కోసం ఈ ప్రయాస వద్దని నా సలహా.