ఎల్‌ఎంఎస్ ఫిల్టర్‌లో nan వస్తోంది

> ఫ్యాన్ రొద తీసేయడానికి 32 గుణకాల ఎల్‌ఎంఎస్ రాశాను, mu = 0.01. క్షణంలోనే అంతా nan. ఎందుకు?

వేవ్ ఫైలులోని 16 బిట్ల పూర్ణాంకాలను అలాగే వాడుతున్నట్టున్నారు. mu పై హద్దు, రొదను పట్టే రిఫరెన్స్ మైకు శక్తిని బట్టి ఉంటుంది: సుమారు 2/(L·P). L గుణకాల సంఖ్య, P ఆ శక్తి. ఆర్‌ఎంఎస్ 3000 అయితే P 90 లక్షలు, హద్దు దాదాపు 7e-9. మీ 0.01 ఎక్కడ!

1. రెండు మైకుల నమూనాలనూ ముందు 32768.0తో భాగించండి.
2. శక్తితో భాగించే రూపం వాడండి. ఫ్యాన్ వేగం పెంచినా నిలబడుతుంది. w గుణకాలు, x రిఫరెన్స్ మైకు తాజా నమూనాలు, e రొద తీసేశాక మిగిలిన సంకేతం:

```
w += mu * e * x / (1e-6 + x @ x)
```

3. అందరూ మరిచేది ఇదే: రొద పోయాక e లో మిగిలేది మీ గొంతే. mu పెద్దదైతే మాట్లాడిన ప్రతిసారీ w చెదిరి గొంతు గరగరలాడుతుంది. మొదటి రెండు సెకన్లు మాట్లాడకుండా 0.5తో కుదరనివ్వండి, తర్వాత 0.01కు దించండి.