చేబదులు అడిగే స్నేహితుడు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

మొన్న నీ స్నేహితుడు మళ్లీ మూడు వేలు అడిగాడనీ, లేదనలేక పంపేశావనీ రాశావు. రెండేళ్లలో మొత్తం ఎంత ఇచ్చావో నీకే తెలియదన్నావు. ముందు ఆ సంగతి చూడు. ఫోనులో పంపిన డబ్బుల చరిత్రంతా ఉంటుంది. తేదీల వారీగా ఒక కాగితం మీద రాసుకో. ఊరికే "చాలా ఇచ్చాను" అంటే అతడు "అంత లేదే" అంటాడు, మాట అక్కడే చెడుతుంది.

లెక్క 23,500 తేలిందనుకుందాం. అతడు మళ్లీ అడిగినప్పుడు ఆ కాగితం తీయకు, అతడి భార్య ఎదుట అసలే వద్దు. ఏ ఆదివారమో టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు ఇచ్చి, "నేను రాసుకున్నది ఇది, ఏదైనా తప్పుందేమో నువ్వూ చూడు" అను. మొత్తం ఒకేసారి అడగకు. అంత ఇవ్వగలిగినవాడు నీ దగ్గరికి వచ్చేవాడే కాదు. జీతం పడిన మర్నాడు నెలకు 1,500 చొప్పున ఇస్తే పదిహేను నెలల్లో 22,500 తీరుతుంది, పదహారో నెల వెయ్యితో సరి. అయితే నెలకు ఎంతో అతడినే చెప్పనివ్వు. వెయ్యే అంటే వెయ్యికే ఒప్పుకో. తాను చెప్పిన అంకెను మనిషి అంత తేలిగ్గా తప్పడు.

అడిగితే స్నేహం పోతుందని నీ భయం. నేను అడగకుండానే పోగొట్టుకున్నాను. ఒక మిత్రుడికి ఆరు వేలిచ్చి, మర్యాద కొద్దీ ఎన్నడూ నోరెత్తలేదు. నన్ను చూస్తే అతడు సందు మారేవాడు. చివరికి మా అమ్మాయి పెళ్లికి కూడా రాలేదు. నేను ఊరంతా చెప్పుకుంటున్నానని అనుకున్నాడట. మీ పిన్నికి కూడా చెప్పలేదు నేను!

పాతది తీరేదాకా కొత్తది ఇవ్వకు. "నా దగ్గర లేదు" అని అబద్ధమాడితే వచ్చే వారం మళ్లీ అడుగుతాడు, మళ్లీ అబద్ధం వెతుక్కోవాలి. "ముందు ఆ లెక్క తీరనీరా" అంటే చాలు. ఆసుపత్రి ఖర్చయితే వేరు. తిరిగి రాకపోయినా బాధపడనంత మొత్తం నువ్వే వెళ్లి కౌంటర్లో కట్టు, అది అప్పు కాదని అప్పుడే చెప్పు. చీటీకి జామీను మాత్రం పెట్టకు. అతడు వాయిదాలు ఎగ్గొడితే చీటీవాళ్లు నీ జీతం మీదికి వస్తారు.

రెండు నెలలు వరుసగా వాయిదా తప్పితే నెలకిచ్చే మొత్తం తగ్గించి చూడు. అప్పటికీ రాకపోతే మిగిలినది వదిలేశానని అతడితోనే స్పష్టంగా చెప్పు. లోపల పెట్టుకుని నవ్వుతూ తిరిగితే ఆ నవ్వు అతడికి తెలిసిపోతుంది. కోర్టు ఆలోచన నీకు లేదని తెలుసు. ఉన్నా నోటు లేని చేబదులుకు గడువు సాధారణంగా ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే.

మొదటి వాయిదా వచ్చినప్పుడు "అందింది" అని ఒక్క ముక్క పంపు. ఆ సాయంత్రం మాత్రం డబ్బు ఊసెత్తకుండా వేరే కబురుకి ఫోను చెయ్యి.

మీ బాబాయి