ఏడాది ఫైలుకి మార్కులెయ్యడం ఎలా?

ప్రశ్న: ఎనిమిదో తరగతికి తెలుగు చెప్తానండి. పిల్లలు జులై నించి రాసినవన్నీ ఫైల్లో పెట్టించాను. ఎదుగుదల, వాళ్ళు ఎంచుకున్నవి, వాళ్ళ సొంత మాట చూసి మార్కులెయ్యాలి. కానీ ఎంత అనుకున్నా అట్ట నీట్‌గా ఉన్న ఫైలుకే ఎక్కువేసేస్తున్నాను. మీరెలా చేస్తారు?

జవాబు: నేనూ మొదటేడు అదే చేసేనండి, స్కెచ్ పెన్నుల బోర్డర్లు, మెరుపుల అట్టలు ఉన్నవాళ్ళకి పద్దెనిమిదీ పందొమ్మిదీ ఇచ్చేసి, తర్వాత చూస్తే వాటిల్లో సగం ఇంట్లో అక్కలు ఫెయిర్ చేసిపెట్టినవే. అప్పట్నించీ ఫెయిర్ కాపీతో పాటు కొట్టివేతలున్న చిత్తు కాగితం, దానిమీద తేదీ లేకపోతే ఆ రచన లెక్కలోకి తీసుకోను.

మాది కోనసీమలో లంకల పక్క బడి. ఫిబ్రవరిలో పిల్లలు తమ ఫైల్లోంచి ఐదు తీస్తారు. జులైలో రాసిన మొదటిది తప్పనిసరి, అలాంటి పనే ఏడాది చివర్లో రాసింది ఇంకోటి తప్పనిసరి, మిగతా మూడూ వాళ్ళిష్టం. ఎందుకు పెట్టేరో, దాంట్లో ఏం మారిందో ఓ చీటీ మీద రాసి జతచేస్తారు. జులైలో ఉత్తరమూ ఫిబ్రవరిలో కథా ఉంటే రెంటినీ పోల్చి పెరిగేడని ఎలా అంటాం చెప్పండి, అందుకే జులైలోనూ చివర్లోనూ కూడా "నువ్వు కళ్ళారా చూసింది రాయి" అనే ఇస్తాను.

ఒకమ్మాయి సంగతి చెప్తాను. జులైలో వరద గురించి తొమ్మిది వాక్యాలు రాసింది. కాజ్‌వే మునిగింది, తర్వాత పడవ వచ్చింది, తర్వాత గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలేరు, ఇలా అన్నీ తర్వాతలే. తప్పులు నాలుగు. ఫిబ్రవరిలో కొబ్బరికాయల వలుపు గురించి పేజిన్నర రాసింది, అందులో తప్పులు పదకొండు! లెక్కెట్టి మార్కులేస్తే ఈ పిల్ల దిగజారిపోయినట్టే. కానీ "నాన్న గునపం మీద కాయ గుచ్చేసరికి నేను డొక్కలు పక్కకి లాగాలి, ఆలస్యమైతే కసురుతాడు" అని రాసింది చూసేరా, రెండు పనుల్ని ఒకే వాక్యంలో పట్టింది. ఒత్తుల తప్పులు ఎక్కువగా అలాంటి పెద్ద వాక్యాల్లోనే వచ్చేయి, జులైలో ఆ పొడుగు వాక్యం జోలికే పోలేదు గనక తప్పూ లేదు. అందుకని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు చెయ్యలేనిది ఇప్పుడేం చేస్తోంది అన్నది ఒక్క వాక్యంలో రాసుకుంటాను. ఆ వాక్యం రాయలేకపోతే ఎదుగుదల మార్కు వెయ్యను, ఇంకోసారి చదువుతాను.

ఎంపిక దగ్గర కూడా ఆ పిల్లే నాకు పాఠం చెప్పింది. నేను వెరీగుడ్ పెట్టిన వ్యాసం వదిలేసి, రోడ్డు కోసం పంచాయతీకి రాసిన ఉత్తరం పెట్టింది, దాన్నిండా నా ఎర్రసిరానే. చీటీ మీద "ఇందులో అడిగేది చివర్న పెట్టేను, సారు మొదట పెట్టమన్నారు, వలుపు రాసినప్పుడు అది గుర్తుంది" అని ఉంది. చూస్తే నిజంగానే వలుపు వ్యాసం మొదటి వాక్యంలోనే అసలు సంగతి ఉంది. ఎంపికకి ఆరుకి ఆరూ వేసేను. మార్కు కాగితం అందానికి కాదండి, ఎందుకు పెట్టేడో చెప్పిన కారణానికి.

ఇక సొంత మాట, అంటే తన రాతలో ఏం మారిందో పిల్లాడు తనే చెప్పుకోవడం. దీంట్లో మోసపోవడం చాలా తేలిక. ఓ ఏడు నేను బోర్డు మీద చీటీకి నమూనా రాసేను, క్లాసులో ముప్పాతిక మంది "దీనివల్ల నేను చాలా నేర్చుకున్నాను" అని దాన్నే దింపేసేరు, తప్పు వాళ్ళది కాదు నాదే. ఇప్పుడు నమూనా ఇవ్వను, రెండు నిమిషాలు పక్కన కూచోబెట్టుకుని "ఏది మారిందో వేలు పెట్టి చూపించు" అంటాను. నిజంగా ఆలోచించినవాడు లైను చూపిస్తాడు, దింపినవాడు నా మొహం చూస్తాడు. రాయలేని పిల్లాడు నోటితో చెప్పినా మార్కు వేస్తాను, ఏం చెప్పేడో చీటీ వెనక నేనే రాసుకుంటాను. చీటీలో అక్షరదోషాలకి కోతెయ్యను. అయినా మాటకారి పిల్లలకి ఇక్కడ కాస్త లాభమే, అందుకే ఇరవైలో ఎదుగుదలకి పది, ఎంపికకి ఆరు, దీనికి నాలుగే ఉంచేను.

జులైకే బాగా రాసేవాళ్ళకి ఎదుగుదలలో అన్యాయం జరుగుద్ది, అది చూసుకోండి. వాళ్ళు ఎంత బాగా రాస్తారన్నది మామూలు పరీక్ష మార్కుల్లో ఎలాగూ వచ్చేస్తుంది, ఇక్కడ మాత్రం కొత్తగా దేనికి తెగించేరో చూస్తాను, ఎప్పుడూ వ్యాసాలే రాసేవాడు సంభాషణ రాసి సగం చెడగొట్టుకున్నా నాకది ఎదుగుదలే.

చివరగా, ఓ ఐదు ఫైళ్ళు పేర్లు కనపడకుండా అట్టలు తీసేసి పక్క సెక్షన్ టీచరుగారికివ్వండి. నాకూ మా మేడంగారికీ మూడు మార్కులకి మించి తేడా వస్తే కూచుని మాట్లాడుకుంటాం, ఎక్కువసార్లు ఎంపిక దగ్గరే తేడా తేలుతుంది, ఆవిడ కాగితం చూస్తారు నేను చీటీ చూస్తాను. ఆ, ఇంకోటి, ఫైళ్ళు గోడ బీరువాలో కింద అరలో పెట్టకండి, మాకు ఓ వానాకాలం జులై కాగితాలన్నీ చెదలు తినేసేయి, ఆ ఏడు దేంతో పోల్చాలో తెలీక ఎదుగుదల మార్కే తీసెయ్యాల్సొచ్చింది.