సబ్సిడీ వస్తుంది కదా అని పర్సనల్ లోన్ తీసుకోకండి

"మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ప్రైవేటు ఉద్యోగం మానేసి పీఎంఈజీపీ అనే కేంద్ర సబ్సిడీ లోన్ పథకం కింద రెండు చెక్క గానుగలతో వేరుశనగ నూనె యూనిట్ పెట్టాలనుకుంటున్నాను. ఖర్చు 20 లక్షలు, లోన్ 18 లక్షలు, ఈఎంఐ 35 వేలు. నా వాటా 2 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుంటాను, చేతిలో ఉన్న 2 లక్షలు షాపు ముందుభాగానికి పెడతాను, సబ్సిడీ 5 లక్షలు రాగానే సరుకు కొంటాను. కన్సల్టెంట్ రాసిన ఫీజిబిలిటీ రిపోర్టులో నెలకు 70 వేలు మిగులుతాయని ఉంది. బ్యాంకు మేనేజరు మాత్రం సరిచేసుకుని రమ్మన్నారు. ఏం మార్చాలి?"

ముందు సబ్సిడీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఆ 5 లక్షలు మీ చేతికి రావు. బ్యాంకులోనే మీ పేరున 3 ఏళ్లు డిపాజిట్‌గా ఉంటాయి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక లోన్‌లో జమ చేసుకుంటారు. ఆ మేరకు వడ్డీ పడదు, అంతే. దాంతో ఒక్క బస్తా కూడా కొనలేరు. ఇదే నమ్మకంతో దిగి, మిషన్లు బిగించాక సరుకుకు డబ్బు లేక మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక రిపోర్టు. టెక్నికల్ భాగంలో ఒక్కో గానుగ గంటకు 15 కిలోల వేరుశనగ పప్పు ఆడుతుందని, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు లెక్కేశారు. అంటే రెండింటికీ కలిపి 6,000 కిలోలు, రెండున్నర కిలోలకు లీటరు చొప్పున 2,400 లీటర్లు. కరెంటు పోవడం, గానుగ కడగడం, పప్పులో తేమ ఉంటే నూనె తగ్గడం, తీసిన నూనె తేరుకోవడానికి కొన్ని రోజులు పట్టడం, ఇవేవీ అందులో లేవు. వీటన్నిటికంటే పెద్ద సమస్య, తీసినదంతా ఆ నెలలోనే అమ్ముడైపోతుందని రాశారు. మొదటి ఏడాది సగం అమ్మితే గొప్ప.

సగం అంటే 1,200 లీటర్లు. మీ రిపోర్టు ప్రకారమే లీటరుకు 60 రూపాయలు మిగిలితే 72 వేలు. కూలీలు, అద్దె లాంటి స్థిర ఖర్చులు 40 వేలు పోతే 32 వేలు, ఈఎంఐకే 3 వేలు తక్కువ. ఉద్యోగం మానేస్తారు కాబట్టి ఇల్లు గడవడానికి 25 వేలు, పర్సనల్ లోన్ వాయిదా ఇంకో 7 వేలు. ఇవన్నీ తీరాలంటే నెలకు దాదాపు 1,800 లీటర్లు అమ్మాలి. మేనేజరు గారు వెనక్కి పంపింది ఇందుకే అయి ఉంటుంది. పూర్తి సామర్థ్యం మీద రాసిన లాభం చూసి ఏ బ్యాంకూ నమ్మదు, సగం అమ్మకాల దగ్గర, పప్పు ధర కిలోకు 10 రూపాయలు పెరిగిన దగ్గర ఏమవుతుందో చూపిస్తేనే నమ్ముతుంది. ఆ 10 రూపాయలకే లీటరుకు 25 పోతాయి, మీ 60 కాస్తా 35 అవుతుంది.

ఆపరేషనల్ భాగంలో "అనుభవమున్న సిబ్బంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. గానుగ ఆడే మనిషి రాని రోజు ఎవరు ఆడతారు? షాపులవాళ్లు నెలన్నర అరువు అడిగితే ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? సగం అమ్మకాలకే నెలకు కావాల్సిన 3,000 కిలోల పప్పు కిలో 120 చొప్పున 3.6 లక్షలు, అది సీసాల్లోనూ షాపుల్లోనూ ఇరుక్కుని ఉండగానే వచ్చే నెల సరుకు కొనాలి. రిపోర్టులో సరుకుకు, రోజువారీ ఖర్చులకు కావాల్సిన వర్కింగ్ క్యాపిటల్ 15 రోజులకే వేశారు, కనీసం రెండు నెలలకు వేయించండి.

అన్నిటికన్నా ముందు నేను అడిగేది అత్యవసర నిధి. మీ దగ్గర అది సున్నా. 6 నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపితే 3.6 లక్షలు, అది విడిగా మరో బ్యాంకులో ఉండాలి, వ్యాపారంలో ఎంత ఇబ్బంది వచ్చినా ముట్టుకోకూడదు. చేతిలో రూపాయి లేకుండా మీ వాటాకు కూడా అప్పు తెచ్చి, ఉద్యోగం వదిలి, ఇల్లు నూనె అమ్మకాల మీద ఆధారపడేలా చేయడం ఏం ధైర్యం? పిల్లలకు జ్వరం వచ్చినా సరుకు డబ్బే ఖర్చవుతుంది. పర్సనల్ లోన్ మాట పూర్తిగా మరిచిపోండి, బ్యాంకువాళ్లు సిబిల్‌లో దాన్ని చూస్తే వాటా కూడా మీ సొమ్ము కాదని తెలిసిపోతుంది.

షాపు ముందుభాగం ఇప్పుడు వద్దు. ఒక్క గానుగతో 12 లక్షల ప్రాజెక్టు వేయించండి. మీ వాటా 1.2 లక్షలు చేతిలోని డబ్బులోంచే ఇవ్వండి, మిగిలిన 80 వేలతో నిధి మొదలుపెట్టండి. ఈఎంఐ 21 వేల దగ్గర, ఖర్చులు 25 వేల దగ్గర ఉంటే 770 లీటర్లకే గట్టెక్కుతారు. ఇంట్లో ఎవరైనా పగలు చూసుకోగలిగితే మీరు ఉద్యోగం వదలకండి, ఇల్లు జీతంతో నడవనివ్వండి. లోన్ మొత్తానికి టర్మ్ ఇన్సూరెన్స్ పాలసీ ఎలాగూ తీసుకోవాలి. వాయిదాలు మొదలయ్యే ముందు ఇచ్చే గడువు, అంటే మారటోరియం, ఎన్ని నెలలో మేనేజరుతో మాట్లాడి రిపోర్టులో రాయించండి.

ఈ వారం చేయాల్సింది ఇంకొకటి ఉంది. మీ చుట్టుపక్కల ఊళ్లలో షాపులకు, హోటళ్లకు వెళ్లి నెలకు ఎన్ని లీటర్లు, ఏ ధరకు, ఎన్ని రోజుల అరువుతో తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. 800 లీటర్లకు సంతకాలు దొరికితే కన్సల్టెంట్ దగ్గరకు వెళ్లండి, దొరకకపోతే మీ 2 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి ఉంచండి.