టైలరుకు పెట్టుబడి ఎందుకు అని అడుగుతారు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బ్యాంకుకు ఇవ్వాలని నువ్వు రాసుకున్న లేఖ ఫోనులో రెండుసార్లు చదివాను. పేద కుటుంబం, నలుగురు ఆడవాళ్లకు ఉపాధి, పదేళ్ల అనుభవం, దయచేసి అయిదు లక్షలు మంజూరు చేయగలరు అని రాశావు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. మేనేజరుకు కావలసిన మాట కూడా ఒక్కటీ లేదు.

ఆయన కుర్చీలో నువ్వు కూర్చుని చూడు. కొర్లగుంటలో కుట్టుమిషన్ల యూనిట్ పెట్టుకున్న మనిషి పెట్టుబడి అప్పు అడుగుతోంది. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు బట్ట వాళ్లే తెచ్చుకుంటారు, కుట్టగానే కూలి చేతిలో పెట్టి పట్టుకెళ్తారు. మరి ఈమె డబ్బు ఎక్కడ ఇరుక్కుంది? దారపు రీళ్లకు అయిదు లక్షలా? ఈ ప్రశ్న ఆయన పైకి అనకపోవచ్చు, కానీ కాగితం పక్కన పెట్టేది మాత్రం దీనివల్లే. కాబట్టి నీ లేఖలో మొదటి పేరానే దీనికి జవాబు కావాలి.

నీ దగ్గర జవాబు ఉంది. రాయలేదంతే. నీ డబ్బు ఇరుక్కునేది జాకెట్లలో కాదు, స్కూలు యూనిఫారాల్లో. అక్కడ బట్ట నువ్వు కొనాలి. ఏప్రిల్ మొదట్లో ఈరోడ్ నుంచి తెస్తావు, మే నెలంతా కుడతావు, జూన్ 12న బడులు తెరిచేలోపు అప్పగిస్తావు. స్కూలువాళ్లు పిల్లల దగ్గర ఫీజులు వసూలయ్యాక, జూలై చివరికి మిగతా డబ్బు ఇస్తారు. ఏప్రిల్‌లో వెళ్లిన రూపాయి జూలైలో తిరిగి వస్తుంది. మధ్యలో వారం వారం కూలి మాత్రం ఆగదు. ఆ ఖాళీకే అప్పు.

ఇప్పుడు ఎంత అన్నది. అయిదు లక్షల అంకె నీకు అప్పులు ఇప్పించే ఏజెంటు ఎవరో చెప్పాడని మీ అమ్మ అంది. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర అప్పుల్లో 50 వేలు దాటి 5 లక్షల వరకు ఉన్నదాన్ని కిశోర్ అంటారు, అతను ఆ పైఅంచు పట్టుకుని చెప్పాడు. పథకం ఎంతవరకు ఇస్తుందో అంత అడగడం కాదు, నీ లెక్క ఎంత చెబితే అంత అడగాలి. ముద్ర కూడా బ్యాంకు తన డబ్బుతో ఇచ్చే అప్పే, ప్రభుత్వం పంచే సొమ్ము కాదు.

నువ్వు చెప్పిన అంకెలతోనే వేశాను. రెండు స్కూళ్లకు కలిపి 600 జతలు. ఒక్కో జతకు బట్ట 400 రూపాయలు, గుండీలు, జిప్పులు, దారం 30, కుట్టుకూలి 170, మొత్తం 600. అంటే 600 జతలకు 3,60,000. స్కూళ్లకు జత 720 చొప్పున ఇస్తున్నావు కనుక రావలసింది 4,32,000. అందులో పావు వంతు, 1,08,000, ముందే అడ్వాన్సుగా ఇస్తున్నారు. ఖర్చులో అది తీసేస్తే 2,52,000 మిగిలింది. నీ చేతిలో ఉన్న 50 వేలు పెడితే కావలసినది 2,02,000.

దీన్ని బ్యాంకువాళ్లు ఇంకో దారిలో సరిచూస్తారు. చిన్న యూనిట్లకు నాయక్ కమిటీ పద్ధతి అని ఒకటి ఉంది. వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో నాలుగో వంతు నడిపే పెట్టుబడి అనుకుంటారు. అంటే డబ్బు ఒకసారి తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుందన్న లెక్క. అందులో అమ్మకాల మీద 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం మనం పెట్టుకోవాలి. నీకు యూనిఫారాలు 4,32,000, జాకెట్లు, డ్రెస్సుల కూలి నెలకు 40 వేల చొప్పున 4,80,000, కలిపి 9,12,000. ఇరవై శాతం అంటే 1,82,400. నీ వాటా 45,600, నీ దగ్గర అంతకంటే కాస్త ఎక్కువే ఉంది. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా వచ్చాయి చూడు. 1,80,000 అడుగు. మిగిలిన 22 వేలకు రెండో విడత బట్టలో కొంత ఇరవై రోజుల అరువు మీద ఇమ్మని బట్టల కొట్టువాళ్లను అడగవచ్చు, పాత ఖాతాదారువు కదా. అయిదు లక్షలు అడిగి ఉంటే, ఏడాదికి పాతిక లక్షల అమ్మకాలు చూపించమని అనేవాళ్లు.

ఏ రకం అప్పు అన్నది కూడా లేఖలో నువ్వే రాయాలి. రాయకపోతే వాళ్లకు సులువైనది ఇస్తారు, అది నెలవారీ వాయిదాల అప్పు. లక్షా ఎనభై వేలు మూడేళ్లకు, లెక్క కోసం 12 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు దాదాపు 6 వేలు కట్టాలి. యూనిఫారాల ఊసే లేని ఫిబ్రవరిలోనూ కట్టాలి. నీకు కావలసింది క్యాష్ క్రెడిట్. పరిమితి 1,80,000 ఉంటుంది, ఏప్రిల్‌లో తీస్తావు, జూలైలో వేస్తావు, వాడిన డబ్బుకు వాడిన రోజులకే వడ్డీ. అదే 12 శాతం మీద సగటున మూడు నెలలు వాడితే 5,400 అవుతుంది. ఇదే డబ్బు మన వీధిలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే 16,200. యూనిఫారాల మీద నీకు మిగిలేది 72 వేలు కనుక, ఆ తేడా చిన్నదేమీ కాదు.

ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. నేను టైలరింగ్ కొట్టు పెట్టిన నాలుగో ఏడు నాకూ ఇలాంటి పరిమితే వచ్చింది. చేతిలో డబ్బు కనిపించేసరికి ఓవర్‌లాక్ మిషను ఒకటి కొనేశాను. మిషను మంచిదే, ఇప్పటికీ తిరుగుతోంది. కానీ మిషనులో పెట్టిన డబ్బు మూడు నెలల్లో తిరిగి రాదు కదా. ఏప్రిల్ వచ్చేసరికి బట్ట కొనడానికి ఖాతాలో ఏమీ లేదు. వడ్డీ వ్యాపారి గడప ఎక్కాను. ఆ ఏడు స్కూలు డబ్బంతా అతనికే పోయింది, బ్యాంకు ఖాతా నిండా మునిగి అలాగే ఉండిపోయింది. వడ్డీ కూడా జమ కాకుండా తొంభై రోజులు దాటితే ఆ ఖాతాను మొండి బాకీగా రాసేస్తారు. నేను ఎనభయ్యో రోజున మీ అత్త గాజులు కుదువపెట్టి గట్టెక్కాను. నీకు మిషను కావాలంటే దానికి వేరే అప్పు, వేరే లేఖ.

ఇక లేఖ. ఒక్క పేజీ దాటకూడదు. ఇలా రాయి:

"గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: టైలరింగ్ యూనిట్‌కు ముద్ర (కిశోర్) కింద రూ. 1,80,000 క్యాష్ క్రెడిట్ పరిమితి కోసం దరఖాస్తు.

అయ్యా, నేను తిరుపతి కొర్లగుంటలో నాలుగు మిషన్లతో, నలుగురు పనివారితో టైలరింగ్ యూనిట్ నడుపుతున్నాను. జాకెట్లు, డ్రెస్సులకు బట్ట ఖాతాదారులదే, వాటికి నాకు పెట్టుబడి అవసరం లేదు. రెండు ప్రైవేటు పాఠశాలలకు యూనిఫారాలు మాత్రం నేనే బట్ట కొని కుట్టి ఇస్తాను. ఈ ఏడాది ఆర్డరు 600 జతలు, విలువ రూ. 4,32,000. బట్ట ఏప్రిల్‌లో కొనాలి, పాఠశాలల నుంచి పూర్తి సొమ్ము జూలై చివరికి అందుతుంది.

ఈ ఆర్డరుకు ఖర్చు రూ. 3,60,000. అడ్వాన్సు రూ. 1,08,000, నా సొంత పెట్టుబడి రూ. 50,000, బట్టల కొట్టు అరువు రూ. 22,000 పోను, మీ నుంచి కోరుతున్నది రూ. 1,80,000. పాఠశాలల చెల్లింపులన్నీ మీ బ్రాంచిలోని నా ఖాతాకే వస్తాయి. జూలై చివరికి బాకీ పూర్తిగా జమ చేస్తాను.

నాకు డ్వాక్రా సంఘం అప్పులో నా వంతు బాకీ ఉంది, వాయిదాలు సక్రమంగా కడుతున్నాను. పాఠశాలల ఆర్డరు పత్రాలు, బట్ట కొటేషన్, ఉద్యమ్ పత్రం, ఏడాది ఖాతా వివరాలు, అద్దె ఒప్పందం జతపరిచాను. మీరు ఎప్పుడైనా యూనిట్‌ను చూడవచ్చు."

డ్వాక్రా అప్పు సంగతి ఎందుకు రాయాలని నువ్వు అడుగుతావు. నువ్వు దాచినా వాళ్ల కంప్యూటర్‌లో కనిపించే అవకాశం ఉంది. నీ నోట వింటే అది సమాచారం, వాళ్లు కనిపెడితే అనుమానం.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది నీ ఖాతా. కొట్టులో గోడకు అంటించిన క్యూఆర్ కోడు మీ ఆయన ఖాతాది. ఏడాదికి నాలుగు లక్షల ఎనభై వేలు వస్తున్నాయని నువ్వు రాస్తావు, నీ ఖాతాలో మాత్రం ఆ కూలి డబ్బు ఒక్క రూపాయీ కనబడదు. రేపే ఆ కాగితం చించి నీ పేరున ఉన్న కోడు అంటించు. ఇప్పటివరకు వచ్చినదానికి మీ ఆయన ఖాతా వివరాలు, నీ కొలతల పుస్తకం, రశీదు పుస్తకం పట్టుకెళ్లి చూపించు. కిందటేడు స్కూలు ఇచ్చిన చెక్కులు నీ ఖాతాలోనే పడ్డాయి, అది మన అదృష్టం. ఖాతా కాగితంలో ఆ చెక్కుల వరుసల కింద పెన్సిలుతో గీత గీసి ఇవ్వు.

చిన్న యూనిట్‌గా ప్రభుత్వ గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదుకు ఎవరికీ పైసా ఇవ్వకు. udyamregistration.gov.in లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది.

సంక్రాంతి కాగానే వెళ్లు. మార్చి చివరి వారాల్లో బ్యాంకులో అందరూ ఏడాది లెక్కల్లో మునిగి ఉంటారు, నీ కాగితం అడుగున పడిపోతుంది, ఏప్రిల్ వచ్చేస్తుంది. ఇచ్చేటప్పుడు అందినట్టు తేదీతో రశీదు తీసుకో. బంగారమో డిపాజిట్టో హామీగా పెట్టమంటే గొడవపడకు. చిన్న యూనిట్లకు ఇంత చిన్న అప్పుకు హామీ ఆస్తి అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉందని, అది తమకూ తెలిసే ఉంటుందని మెల్లగా అను.

యూనిట్ చూడటానికి వస్తారు. వచ్చిన రోజున బీరువాలో ఉన్న జాకెట్టు బట్టలన్నీ నీ సరుకుగా చూపించకు. ఒక్కోదానికి వేరే వాళ్ల పేరు చీటీ కట్టి ఉంటుంది, చూసిన మనిషికి ఇట్టే తెలుస్తుంది. నీ సొంత సరుకు వేరే అలమారలో పెట్టి, కొన్నదీ వాడినదీ ఒక నోటుపుస్తకంలో రాయి. పరిమితి మంజూరయ్యాక సరుకు వివరాలు అడిగినప్పుడు ఆ పుస్తకం చూసే నింపాలి.

ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు కిందటేడు బట్ట కొన్న బిల్లులు తీసుకురా. జతకు 400 అన్నావు, అది కత్తిరింపులో పోయే ముక్కలు కలిపా, కలపకుండానా అన్నది వాటిలోనే తేలుతుంది. ముక్కలకు జతకు ఇరవై రూపాయలు పోతున్నా, 600 జతలకు 12 వేలు. పైన వేసిన లెక్క మళ్లీ వేయాలి.

మీ మామయ్య