పసుపే కదా అని రోజూ రెండు క్యాప్సూళ్లు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు, బరువు 60 కిలోలు. మోకాళ్ల నొప్పికి ఏడు వారాలుగా రోజూ రెండు కర్క్యుమిన్ క్యాప్సూళ్లు వేసుకుంటున్నాను. మిరియాల సారం కలిసినవైతేనే ఒంటికి పడతాయని మా తమ్ముడి కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. నొప్పి కొంచెం తగ్గింది. ఇప్పుడేమో లివర్ పాడవుతుందని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. ఆపేయాలా? కూరల్లో పసుపు కూడా మానేయాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, కూరల్లో పసుపు మానేయక్కర్లేదు. క్యాప్సూళ్లు మాత్రం ఇవాళే ఆపేసి, ఈ వారంలో ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోండి.

ముందు ఆ డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. ఇలాంటి వాటిలో చాలావాటి మీద 500 మిల్లీగ్రాములు, 95 శాతం కర్క్యుమినాయిడ్లు, పైపరిన్ 5 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అంటే ఒక్కో క్యాప్సూల్లో పసుపులోని అసలు సరుకైన కర్క్యుమిన్ 475 మిల్లీగ్రాములు, మిరియాల్లోని ఘాటు పదార్థమైన పైపరిన్ 5 మిల్లీగ్రాములు. మన వంటింటి పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. ఆ లెక్కన మీ రెండు క్యాప్సూళ్ల సరుకు పసుపు పొడి రూపంలో రావాలంటే రోజుకు 30 గ్రాములు, దాదాపు పది టీ స్పూన్లు తినాలి. చారులో, పప్పులో, కూరలో కలిపి రోజు మొత్తం మీద మనిషికి ఒక స్పూను చేరడమే ఎక్కువ. ఆహారంలో కలిపే రంగుగా కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన హద్దు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు. మీ 60 కిలోలకు అది 180. హద్దు దాటగానే జబ్బు వస్తుందని కాదు. కానీ మీరు దానికి ఐదు రెట్లు వేసుకుంటున్నారు.

ఇక మిరియాల సంగతి. కర్క్యుమిన్ నీళ్లలో కరగదు. పేగులోంచి లోపలికి వెళ్లిన ఆ కాస్తనూ పేగు గోడ, లివర్ కలిసి చక్కెరలాంటి ఒక పదార్థాన్ని అంటించి వెంటనే బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇచ్చి చూస్తే, రక్తంలో అది దాదాపు కనిపించలేదు. దానికి 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే సుమారు 20 రెట్లు పెరిగింది. డబ్బాల మీద కనిపించే '2000 శాతం' అక్కడిదే.

ఆ పని ఎలా జరిగిందన్నది డబ్బా మీద రాయరు. పైపరిన్ కర్క్యుమిన్‌ను మోసుకెళ్లదు, దాన్ని బయటికి పంపే ఎంజైములను కాసేపు పని చేయకుండా ఆపుతుంది. అలిపిరి చెక్‌పోస్టులో తనిఖీ సిబ్బందిని పక్కకు తప్పిస్తే పసుపు బండి ఒక్కటే వెళ్లదు కదా, దాని వెనకున్న బండ్లు కూడా వెళ్లిపోతాయి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్, ఆస్తమాకు వాడే థియోఫిలిన్, ఇవన్నీ పైపరిన్‌తో రక్తంలో పెరుగుతాయని తేలింది. మీరు వేరే మాత్రలు ఏమైనా వాడుతుంటే మీ డాక్టరుకు ఈ డబ్బా కూడా చూపించండి.

లివర్ విషయంలో మీకు ఒక కేసు చెబుతాను. ఒకాయన, 48 ఏళ్లు, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. తోతాపురి సీజన్ మధ్యలో ఆకలి చచ్చిపోయింది, మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులోకి మారింది. కామెర్లని ఇంట్లోవాళ్లు పసరు పోయించారు. నా దగ్గరికి వచ్చేసరికి లివర్ దెబ్బను చూపించే ఎస్‌జీపీటీ 1,140, కామెర్లను చూపించే బిలిరుబిన్ 6.2. ఎస్‌జీపీటీ మామూలుగా 40 లోపు, బిలిరుబిన్ 1 లోపు ఉండాలి. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ నెగటివ్. స్కానింగ్‌లో రాళ్లు లేవు. మందు లేదు, నాటువైద్యం లేదు అన్నాడు. పసరును నేనే అడిగి రాబట్టాను, కానీ అది జబ్బు మొదలయ్యాక పోసింది, కాబట్టి మొదటి కారణం అది కాదు. మూడో రోజు వాళ్లావిడ క్యారీబ్యాగులో ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చి టేబుల్ మీద గుమ్మరించింది. అందులో ఉంది పసుపు రంగు డబ్బా. పది వారాలుగా వేస్తున్నాడు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, “పసుపే కదా సార్, అది కూడా మందేనా” అన్నాడు.

డబ్బా ఆపించాం. పసరు కూడా వద్దన్నాం. రక్తం గడ్డకట్టే పరీక్ష ఐఎన్‌ఆర్ బాగానే ఉంది కాబట్టి వారం వారం రక్తపరీక్షలు చూసుకుంటూ వదిలేశాం. ఎనిమిది వారాలకు ఎస్‌జీపీటీ 38కి దిగింది. అప్పుడాయన ఒక మంచి ప్రశ్నే అడిగాడు: “మిరియాలు లేనిది వేసుకోవచ్చా?” వద్దన్నాను. అమెరికాలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులను నమోదు చేసే నెట్‌వర్క్ 2022లో పసుపు వల్ల వచ్చిన 10 కేసులను ప్రచురించింది. వాళ్లు వాడిన వాటిలో ఏడింటిని పరీక్షిస్తే మిరియాల సారం దొరికినవి మూడే. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే ఒకే జన్యు రకం ఉంది. అంటే ఇది అందరికీ వచ్చేది కాదు, కొందరి ఒంటి తత్వానికే ఎక్కువగా వస్తుంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో వేసుకోకముందు తెలియదు. అందుకే పైపరిన్ లేనిదైనా నేను భరోసా ఇవ్వలేను. ‘నానో’ అని, ఇంకేదో టెక్నాలజీ అని రాసి ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన రకాలకూ ఇదే మాట. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2023లో ఈ లివర్ ముప్పు మీద ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది.

ఈ దెబ్బ సాధారణంగా మొదలుపెట్టిన ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య బయటపడుతుంది. మీరు ఏడో వారంలో ఉన్నారు, టెస్ట్ ఇప్పుడే అనడానికి అదే కారణం. రిపోర్టు మామూలుగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఎస్‌జీపీటీ కొంచెం, మూడింతల లోపు పెరిగి ఉంటే రెండు వారాలకు మళ్లీ చూడండి. మూడింతలు దాటితే, లేదా బిలిరుబిన్ పెరిగితే, రిపోర్టు, డబ్బా రెండూ పట్టుకుని గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. ఈలోగా వికారం, ఒళ్లంతా దురద, ముదురు మూత్రం ఏది కనిపించినా టెస్ట్ కోసం ఆగకుండా వెంటనే డాక్టరును కలవండి. కళ్లు పచ్చబడ్డాయా అన్నది ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుతురులో గుమ్మం దగ్గర నిలబడి చూసుకోండి. మలం పసుపుగా కనిపించడం మాత్రం కర్క్యుమిన్ రంగే, దానికి భయపడొద్దు. ఎవరికైనా ఒకసారి లివర్ దెబ్బతిని తగ్గాక మళ్లీ ఆ క్యాప్సూల్ జోలికి పోకూడదు, రెండోసారి ఇంకా తొందరగా వస్తుంది.

మోకాలి నొప్పి తగ్గిందన్నారు, నిజమే అయ్యుంటుంది. కీళ్ల అరుగుదలలో కర్క్యుమిన్ కొంత ఉపశమనం ఇస్తుందని చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. దాని బదులు డైక్లోఫెనాక్ జెల్ రోజుకు మూడుసార్లు మోకాలికి రాయండి. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి పది లెక్కపెట్టేదాకా ఆపండి, ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. నాలుగు వారాలు చేసినా నొప్పి అలాగే ఉంటే ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరును కలవండి. ఇక మిరియాల చారు నిశ్చింతగా పెట్టుకోండి.