మ్యూట్‌లో నడిచే వీడియోకు స్క్రిప్ట్: తెర మీది అక్షరం చేయవలసిన పని

ప్రశ్న: సార్, నేను గుంటూరులో జర్నలిజం పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక డిజిటల్ సంస్థ ఉద్యోగ పరీక్షగా యూపీఐ క్యూఆర్ మోసం మీద 40 సెకన్ల వీడియోకు స్క్రిప్ట్ అడిగింది. సౌండ్ లేకపోయినా అర్థం కావాలన్నారు. నేను వాయిస్ ఓవర్ రాసి, ఆ మాటలనే సబ్‌టైటిల్స్‌గా పెట్టాను. "ఇది మ్యూట్ స్క్రిప్ట్ కాదు, మళ్ళీ రాసి పంపండి" అన్నారు. రెండింటికీ తేడా ఏమిటి? నా స్క్రిప్ట్ జత చేశాను.

జవాబు: మీ స్క్రిప్ట్ చదివాను. భాష బాగుంది, విషయంలో తప్పు లేదు. అయితే సబ్‌టైటిల్ అనేది చూడాలని ముందే నిర్ణయించుకుని కూర్చున్న మనిషి కోసం ఉద్దేశించినది. నోటి మాట ఎంత వేగంగా నడిస్తే అదీ అంత వేగంగా నడుస్తుంది. ఫీడ్‌లో దానంతట అది మొదలయ్యే వీడియోను చూసేవారు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. వేలితో తెరను పైకి జరుపుతూనే ఉంటారు. మీ మొదటి వాక్యం "నమస్కారం, ఈ రోజు మనం ఒక ముఖ్యమైన మోసం గురించి తెలుసుకుందాం" అని ఉంది. శబ్దం తీసేస్తే అక్కడ కనిపించేది పెదవులు కదుపుతున్న ఒక యాంకర్, ఆమె కింద ఆ మాటలు. నాలుగు సెకన్లు గడిచినా మోసం ఏమిటో తెలియదు. సంస్థవారు తప్పుపట్టింది దీన్నేనని నా అభిప్రాయం.

టీవీ న్యూస్‌రూమ్ పద్ధతిలో మీరు కాగితాన్ని రెండు నిలువు గళ్ళుగా విభజించి, ఎడమవైపు విజువల్స్, కుడివైపు వాయిస్ రాశారు. మధ్యలో మూడో గడి చేర్చి దానికి "తెర మీది అక్షరాలు" అని పేరు పెట్టండి. అంతకంటే ముఖ్యమైనది ఆ గళ్ళను నింపే వరుస. ముందుగా విజువల్స్ గడి మొత్తం పూర్తి చేసి, కేవలం చిత్రాలతో ఎంత కథ అర్థమవుతుందో చూసుకోవాలి. చిత్రం చెప్పలేకపోయినది మాత్రమే మధ్య గడిలోకి రావాలి. వాయిస్ అన్నిటికంటే చివర రాయాలి. వాయిస్‌తో మొదలుపెట్టినవారు దాన్ని కత్తిరించి ప్లేట్లుగా, అంటే తెర మీద ఒక్కో విడతగా కనిపించే అక్షరాల ముక్కలుగా, మార్చడం తప్ప మరొకటి చేయలేరు. మీ స్క్రిప్ట్‌లో జరిగినది అదే.

ఇక ఒక ప్లేట్ మీద ఎన్ని మాటలు, ఎంతసేపు అన్నది చూద్దాం. బీబీసీ తన సబ్‌టైటిల్ మార్గదర్శకాల్లో నిమిషానికి 160 నుంచి 180 మాటలు అని చెబుతుంది గాని, ఆ లెక్క ఇంగ్లీషుకు సంబంధించినది. తెలుగులో "వెళ్ళాల్సివచ్చినప్పుడు" అన్నది ఒకే మాట కాబట్టి, మాటలు లెక్కపెట్టి ఆ అంకెను మనకు వర్తింపజేస్తే చదివేవారికి ఊపిరాడదు. నేను విద్యార్థులకు చెప్పే కొలత ఇది: ప్లేట్‌కు నాలుగైదు మాటలు, మహా అయితే ఆరు, రెండు వరుసలకు మించకుండా, కనీసం మూడు సెకన్లు. రాసినవారికి ఆ వాక్యం ముందే తెలుసు కనుక వారు ఒక్క చూపులో చదివేస్తారు, అందుకే వారికి సమయం ఎప్పుడూ సరిపోయినట్లే అనిపిస్తుంది. ప్లేట్‌ను తొందరపడకుండా రెండుసార్లు పైకి చదవండి. రెండోసారి పూర్తయ్యేలోగా అది మాయమైతే మాటలు తగ్గించాలి లేదా సమయం పెంచాలి. కన్ను ఒకేసారి చదవనూ లేదు, కదలికను గమనించనూ లేదు గనుక, ముఖ్యమైన పని తెర మీద జరుగుతున్న క్షణాన అక్షరాలు ఉండకూడదు.

తెలుగులో ఉన్న ఒక చిక్కు మీద మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలని కోరుకుంటున్నాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, వ్యతిరేకార్థమూ చివరే తేలుతుంది. మీరు ఒక వాక్యాన్ని రెండు ప్లేట్లుగా విరిచారు: మొదటి దానిలో "స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు వస్తుంది", రెండో దానిలో "అని ఎవరైనా చెబితే నమ్మకండి". వినేటప్పుడు ఇబ్బంది లేదు, ఎందుకంటే గొంతులోని ఎత్తుపల్లాలు వాక్యం ఇంకా అయిపోలేదని తెలియజేస్తాయి. మ్యూట్‌లో మొదటి ప్లేట్ తనంతట తానే ఒక పూర్తి వాక్యం, అదీ మోసగాడు చెప్పే వాక్యం. అక్కడే వీడియోను దాటేసిన మనిషి మీ సంస్థ పేరు కింద అబద్ధం చదివి వెళ్ళిపోయాడు. కాబట్టి "కాదు", "లేదు", "వద్దు", "అక్కర్లేదు" అన్నవి ఏ మాటను ఖండిస్తున్నాయో ఆ మాటతో పాటు ఒకే ప్లేట్ మీద ఉండాలి. అలా ఇమడనంత పొడవైన వాక్యమైతే విరవకుండా కొత్తగా రాయాలి. ప్రతి ప్లేట్‌ను విడిగా ఒక స్క్రీన్‌షాట్‌గా ఊహించుకుని, ఇది ఒక్కటే ఎవరికైనా చేరితే తప్పు అర్థం వస్తుందా అని అడిగి చూడండి.

ఇప్పుడు మీ 40 సెకన్లనే తీసుకుందాం. మొదటి మూడు సెకన్లలో యాంకర్ వద్దు. ఫోన్ తెర మీద పిన్ అడిగే గళ్ళు, దాని మీద ఆగి ఉన్న బొటనవేలు చూపి, "డబ్బు రావాలంటే పిన్ అక్కర్లేదు" అని రాయండి. వీడియో సారమంతా నాలుగు మాటల్లో అయిపోయింది. చెప్పవలసినదంతా ముందే చెబితే ఇక ఎవరు చూస్తారని మీరు అడగవచ్చు. తనకు జరగగల నష్టం కనిపించినవారు అది ఎలా జరుగుతుందో చూడటానికి ఆగుతారు, ఏమీ కనిపించనివారు ఎటూ ఆగరు.

మూడు నుంచి ఏడో సెకను వరకు సోఫా ఫొటో, దాని మీద "పాత సోఫా అమ్మకానికి పెట్టారు". తర్వాతి ఐదు సెకన్లు చాట్ తెర మాత్రమే: కొంటానన్న వ్యక్తి పంపిన సందేశం "అడ్వాన్స్ పంపుతున్నా, ఇది స్కాన్ చేయండి", కింద క్యూఆర్ కోడ్. ఇక్కడ ప్లేట్ వేయవద్దు. మీరు రాసిన "కొనుగోలుదారుగా నటిస్తున్న నేరగాడు ఇలా సందేశం పంపుతాడు" అన్న వాక్యం చేసే పనిని ఆ చాట్ గడి పూర్తిగా చేస్తుంది, మాట ఎవరిదో కూడా అదే చెబుతుంది. ఎవరు మాట్లాడుతున్నారన్నది గొంతును బట్టి తెలిసే విషయం. గొంతు లేనప్పుడు అక్షరాలు ఎక్కడ, ఏ రూపంలో ఉన్నాయన్న దాన్ని బట్టి తెలియాలి. మోసగాడి మాటలు ఎప్పుడూ చాట్ గడిలోనే, సంస్థ మాటలు ఎప్పుడూ ప్లేట్ మీదనే రావాలని నియమం పెట్టుకుని, దాన్ని స్క్రిప్ట్ పైభాగంలో ఎడిటర్ కోసం రాసి పెట్టండి.

పన్నెండో సెకనుకు స్కాన్ అవుతుంది. ఫోన్ మీద "₹5,000 చెల్లించండి" అని కనిపించాలి. రెండు సెకన్లు ఏ అక్షరమూ వేయకుండా చూడనిచ్చి, ఆ పదం చుట్టూ గీత గీసి, "'చెల్లించండి' అని ఉంది, చూశారా?" అన్న ప్లేట్ వేయండి. పదిహేడు నుంచి ఇరవై ఒకటి వరకు పిన్ నొక్కడం, వెంటనే డబ్బు పోయినట్లు బ్యాంకు మెసేజ్ రావడం. ఇక్కడా ప్లేట్ లేదు. ఆ తర్వాత ఐదు సెకన్ల ప్లేట్‌కు మీరు రాసుకున్నది "పిన్ నొక్కితే డబ్బు పోతుంది". ఇది కొంచెం తప్పు, ఎందుకంటే ఖాతాలో నిల్వ చూసుకోవడానికీ యూపీఐ పిన్ నొక్కాలి. వాయిస్ ఉంటే పక్క వాక్యంతో సర్దవచ్చు, ఒంటరి ప్లేట్‌కు ఆ సౌకర్యం లేదు. "స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు పోతుంది" అంటే సరిపోతుంది. మిగిలినది "డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి" అన్న ప్లేట్. దీన్ని ఎనిమిది సెకన్లు ఉంచండి. నంబరు రాసుకోవాలనుకునేవారికి ఆ సమయం కావాలి. చివరి ఆరు సెకన్లు cybercrime.gov.in అన్న చిరునామా, దాని పైన "ఇక్కడ కూడా ఫిర్యాదు చేయవచ్చు".

అక్షరాలు ఎక్కడ పడాలో రాయడం ఎడిటర్ పని అనుకోవద్దు. నిలువు వీడియోలో కింది భాగాన్ని ఖాతా పేరు, వివరణ ఆక్రమిస్తాయి. కుడి అంచున లైక్, షేర్ గుర్తులు ఉంటాయి. టీవీలో ఆస్టన్, అంటే తెర కింది భాగంలో వచ్చే అక్షరాల పట్టీ, వేసే చోటే ప్లేట్ వేస్తే, మీ 1930 సరిగ్గా ఆ గుర్తుల వెనక్కి పోతుంది. అక్షరాలను తెర మధ్య భాగంలోనే ఉంచమని స్క్రిప్ట్‌లోనే రాయండి. తెలుగులో గుడులు, ఒత్తులు అక్షరం పైకీ కిందికీ విస్తరిస్తాయి కాబట్టి, రెండు వరుసల ప్లేట్‌లో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలే ప్రమాదం ఉంది. వరుసల మధ్య ఎడం ఎక్కువ పెట్టించాలి. స్క్రిప్ట్‌ను యూనికోడ్‌లోనే పంపి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాక ఒత్తులు విడిపోయాయా అని మీరే మరొకసారి చూసుకోవాలి. తెలుగు లిపికి సెట్టింగ్ సరిగా లేనప్పుడు "నొక్కితే"లోని ఒత్తు ఊడి పక్కన నిలబడుతుంది, తెలుగు చదవని ఎడిటర్‌కు అది కనిపించదు.

పంపే ముందు పరీక్ష ఎలా చేయాలంటే, ప్లేట్లను ఫోన్‌లోనే సాదా చిత్రాల మీద వేసి, శబ్దం లేకుండా, ఈ విషయం తెలియని ఇద్దరికి ఒక్కసారి మాత్రమే చూపండి. వీడియో దేని గురించి, ఎక్కడ డబ్బు పోయింది, పోతే ఏం చేయాలి అని అడగండి. మొదటిదానికి జవాబు వచ్చి రెండోదానికి రాకపోతే, చిత్రం, అక్షరం ఒకేసారి కన్ను కోసం పోటీ పడ్డాయని అర్థం. మూడోదానికి రాకపోతే చివరి ప్లేట్లు తొందరగా పోయాయని గాని, అంతవరకు ఎవరూ చూడలేదని గాని అనుకోవాలి. వారు మధ్యలో ఆపి వెనక్కి తిప్పితే, ఏ సెకను దగ్గర తిప్పారో గుర్తుపెట్టుకోండి.

ఇలా రాశామని వాయిస్‌ను తీసేయకండి. కంటిచూపు లేనివారికి ఆ వీడియో వాయిస్ ద్వారానే చేరుతుంది. వినికిడి లేనివారికి ఆ వాయిస్‌ను పూర్తిగా ఇచ్చే సబ్‌టైటిల్ ఫైలు, అంటే .srt ఫైలు, వేరుగా ఉండాలి. ప్లేట్లు దానికి బదులు కావు. పైగా అన్ని చోట్లా మ్యూట్ నియమం ఒకటే కాదు. 2013లో ఫేస్‌బుక్ శబ్దం లేని ఆటోప్లేను ఫీడ్‌లోకి తెచ్చింది, 2017లో అదే సంస్థ ఫోన్ సైలెంట్‌లో లేకపోతే శబ్దం వచ్చేలా మార్పు ప్రకటించింది. అందువల్ల వీడియో ఎక్కడ వేస్తారని సంస్థను ముందుగా అడగడం తెలివితక్కువ ప్రశ్న కాదు. మాట విరుపు మీద నడిచే హాస్యం, యాస పలుకుబడి మీద ఆధారపడిన సంభాషణ మాత్రం మ్యూట్‌లో నిలబడవు. అలాంటి విషయం ఇస్తే ఆ సంగతి చెప్పి, మరో విషయం కోరండి.

సంస్థకు కొత్త స్క్రిప్ట్‌తో పాటు మీ పాత స్క్రిప్ట్‌నూ జత చేసి పంపమని నా సలహా. మూడు గళ్ళ కాగితంలో ఎడమ అంచున సెకన్లు వేయండి. ప్లేట్ వేయని చోట గడిని ఖాళీగా వదలకుండా "ప్లేట్ లేదు, చాట్ చదవనివ్వాలి" అని కారణం రాయండి. స్క్రిప్ట్‌లు పరిశీలించే డెస్క్ ఇన్‌చార్జి ముందుగా చూసేది ఆ గళ్ళనే.